వెక్టర్ మారనప్పుడు మళ్ళీ లెక్కెందుకు?

"A = [4 1; 2 3] కి ఐగెన్ విలువలు 5, 2 వచ్చాయి. A⁻¹, A², A − 3I లకు కూడా అడిగారు. మూడింటికీ మళ్ళీ మొదటి నుంచి చేయాలా?"

సుమతి: అక్కర్లేదు. A⁻¹ కి 1/5, 1/2. A² కి 25, 4. A − 3I కి 2, −1. అయిపోయింది.

శేఖర్: ఇదే నాకు నచ్చదు మేడమ్. మీరు రూల్ చెప్పేస్తారు, పిల్లలు బట్టీ పట్టేస్తారు. రేపు A + B కనపడితే రెండింటి ఐగెన్ విలువలూ కూడేస్తారు. నా క్లాసులో చాలామంది అదే చేశారు. డిటర్మినెంట్ వేసి మొదటి నుంచి చేస్తే ఆ గొడవే ఉండదు.

సుమతి: బట్టీ ఎవరు పట్టమన్నారు? వెక్టర్‌ని చూడమను. (1, 1) ని A తో గుణిస్తే (5, 5) వస్తుంది. దిక్కు మారలేదు, ఐదు రెట్లు సాగిందంతే. ఇంకోసారి గుణిస్తే మళ్ళీ ఐదు రెట్లు, అంటే 25. A⁻¹ పని A చేసినదాన్ని వెనక్కి తిప్పడమే కాబట్టి (5, 5) ని తిరిగి (1, 1) చేయాలి, అంటే ఐదో వంతు. ఇక A − 3I అంటే (5, 5) లోంచి (3, 3) తీసేయడం, మిగిలేది (2, 2). మూడు చోట్లా వెక్టర్ అదే. రెండోది (1, −2). A దాన్ని (2, −4) చేస్తుంది. మూడు రెట్లు, అంటే (3, −6) తీసేస్తే (−1, 2) మిగులుతుంది. అదే −1.

ఇక నీ A + B సంగతి. I కి ప్రతి వెక్టరూ ఐగెన్ వెక్టరే, అందుకే దాన్ని ఎంత కలిపినా, తీసినా A వెక్టర్లు చెడిపోవు. B కి ఆ గ్యారంటీ లేదు. [0 1, 0 0], [0 0, 1 0] తీసుకో. రెండింటికీ ఐగెన్ విలువలు సున్నాలే. కూడితే [0 1, 1 0] వస్తుంది, దానికి 1, −1. సున్నా, సున్నా కలిస్తే ఒకటి ఎలా అయిందని పిల్లల్నే అడుగు. ఇక జన్మలో కూడరు.

శేఖర్: సరే. కానీ మీరు చూపించింది 25, 4 ఉన్నాయని. ఇక్కడ రెండు వెక్టర్లూ దొరికాయి కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే? [0 −1, 1 0] చూడండి, 90 డిగ్రీలు తిప్పేది. రియల్ సంఖ్యల్లో దానికి ఐగెన్ వెక్టరే లేదు. దాని వర్గం −I. ఉన్నట్టుండి ప్రతి వెక్టరూ ఐగెన్ వెక్టర్ అయి కూర్చుంది! ఆ −1 ని మీ వెక్టర్ ఎక్కణ్ణుంచి తెచ్చింది?

(ఇక్కడ సుమతి కాసేపు మాట్లాడలేదు. దెబ్బ గట్టిగానే తగిలింది.)

సుమతి: రియల్ సంఖ్యల్లోనే కూర్చుంటే తేలేదు, నిజమే. కాంప్లెక్స్‌లోకి వెళితే i, −i ఉన్నాయి, రెండింటి వర్గమూ −1. వేరే కొత్త విలువ రాదని చెప్పడానికి మాత్రం వెక్టర్ చాలదు. A² కి ఐగెన్ విలువ ఏదైనా దాన్ని μ² అనుకుని, A² − μ²I = (A − μI)(A + μI) అని రాసి రెండు వైపులా డిటర్మినెంట్ తీసుకోవాలి. ఎడమ వైపు సున్నా అయితే కుడివైపు రెండిట్లో ఒకటైనా సున్నా కావాలి. అంటే μ గానీ −μ గానీ A దే.

శేఖర్: అంటే డిటర్మినెంట్ దగ్గరికే వచ్చారు.

సుమతి: ఒక్కసారి, రుజువు కోసం. ప్రతి లెక్కకీ కాదు.

శేఖర్: మరి పరీక్షలో ఒక్క లైను రాసినవాడికి ఫుల్ మార్కులా?

సుమతి: Av = 5v రాసి, రెండు వైపులా A⁻¹ తో గుణించి చూపిస్తే ఇస్తాను. ఊరికే 1/5 అని పడేస్తే సగం.

శేఖర్: నేనైతే సున్నా.

సుమతి: నువ్వు పేపర్లు దిద్దే తీరు నాకు తెలీదా! ఆ సంగతి వదిలెయ్.

శేఖర్: వదిలేస్తా. నాకు జరిగింది వినండి. నలభై వరుసల మాత్రికకి ప్రోగ్రామ్ రాశాను. ఒక ఐగెన్ విలువ 0.001 అని వచ్చింది. మీ రూల్ ప్రకారం ఇన్వర్స్‌కి 1000 అని రాసుకున్నా. అసలు విలువ 0.002. రావాల్సింది 500!

సుమతి: అందులో రూల్ తప్పేముంది? సున్నా పక్కన ఉన్న విలువలో రవ్వంత తేడా ఇన్వర్స్‌లో కొండంత అవుతుంది. ట్రేస్ కలిపి చూసుకోవద్దూ? ఇక్కడ A⁻¹ = [0.3 −0.1, −0.2 0.4]. వికర్ణం 0.3, 0.4 కలిపితే 0.7. మన 1/5, 1/2 కలిపినా 0.7.

శేఖర్: ఇన్వర్స్ నా దగ్గర లేదు మేడమ్. అది కట్టకూడదనే కదా ఈ దారి పట్టింది.

సుమతి: A ట్రేస్ ఉంటుందిగా.

శేఖర్: ఉంది, ఎనిమిది వందలు దాటి. అందులో 0.001 తేడా ఎవరి కంటికి ఆనుతుంది?

సుమతి: అవును... కూడికలో కనపడదు. గుణకారంలో కనపడుతుంది. ఐగెన్ విలువలన్నీ గుణించు. ఒకటి సగమైతే మొత్తం సగమవుతుంది కదా. దాన్ని A డిటర్మినెంట్‌తో పోల్చు.

శేఖర్: దేనితో అన్నారు మేడమ్?