సంతకం చెల్లే రోజుల్లోనే

నాన్నగారికి నిరుడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయినప్పుడు, తెనాలి నుంచి అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "ఇక చెక్కుల మీద సంతకం ఎవరు పెడతారే?" అని. నేను వారికి ఒక్కతే కూతురిని. టెక్సాస్ నుంచి ఇంటికి చేరేసరికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నన్ను తినేసింది దూరం కాదు, ఏ నిర్ణయానికైనా "నువ్వేమంటావు?" అని అడగడానికి తోడబుట్టినవారు లేరన్న భయం.

నాన్నగారికి తెలివి నిలిచి ఉండటంతో ఆ గండం గడిచింది. నడవలేని, సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు దానిని గుర్తించాలి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. ఆ అధికారి ఇంటికి వచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఎడమ బొటనవేలికి సిరా అద్ది ముద్ర వేయించారు. లెక్కల మాస్టారుగా వేల ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు చేసిన ఆయన, అందరూ వెళ్ళిపోయాక కూడా ఆ వేలిని తువాలుతో తుడుస్తూనే ఉన్నారు.

చెయ్యి పడిపోతే దారి ఉంది గాని, మతి తప్పితే ఆ దారి ఉండదు. మతి తప్పినా చెల్లే అమెరికా డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీకి అలవాటు పడిన మనలో చాలామంది, ఇండియాలో జీపీఏ రాయించుకున్నాం కదా అని నిశ్చింతగా ఉంటారు. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చినవారికి మతిస్థిమితం తప్పితే ఆ అధికారం ముగిసిపోతుంది. అంటే డిమెన్షియా ముదిరి, ఆ కాగితం నిజంగా కావలసి వచ్చిన రోజునే అది చెల్లదు. ఆ తరువాత సంరక్షకత్వం కోసం కోర్టు మెట్లెక్కాలి.

అందుకే తల్లిదండ్రుల సంతకం చెల్లే రోజుల్లోనే వారి పొదుపు ఖాతాలో మన పేరు కూడా ఇద్దరిలో ఎవరైనా ఖాతా నడపగలిగే "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో చేర్చుకోవాలని నా అభిప్రాయం. దగ్గరి బంధువైన ఎన్నారైకి రిజర్వు బ్యాంకు దీనిని అనుమతిస్తుంది, కాకపోతే ఆ డబ్బును వారి అవసరాలకే వాడాలి.

డబ్బు కంటే బరువైనది ఆసుపత్రిలో వెంటిలేటర్ గురించి చెప్పవలసిన మాట. సుప్రీంకోర్టు 2018లో గుర్తించి, 2023లో సులభం చేసిన లివింగ్ విల్‌ను, అంటే మాట్లాడలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో ధ్రువీకరించుకుంటే చాలు. తమ తరఫున మాట్లాడేందుకు ఒకరికంటే ఎక్కువమందిని అందులో పేర్కొనవచ్చు. నాకు భరోసా ఇచ్చింది ఈ చివరి వెసులుబాటే. గుంటూరులో ఉన్న పిన్ని కొడుకు పేరు కూడా రాద్దామంటే, "నీ భారం వాడి మీద ఎందుకే?" అని అమ్మ రెండు నెలలు ఒప్పుకోలేదు. చివరికి వాడిని నేనే అడిగాను. "అక్కా, కాగితం సంగతి తరువాత, నాకు పెద్దమ్మ మందుల చీటీ పంపు" అన్నాడు. అమ్మ లివింగ్ విల్‌లో ఇప్పుడు నా పేరు కింద వాడి పేరు ఉంది.