డెల్టా-స్క్వేర్ సూత్రం నెమ్మదికి సర్వరోగ నివారిణి కాదు

“నెమ్మదిగా అభిసరించే ఏ అనుక్రమానికైనా సరే, ఏట్కెన్ 1926లో కనిపెట్టిన డెల్టా-స్క్వేర్ సూత్రం వేయండి, వేగం వస్తుంది. వరుసగా మూడు విలువలుంటే చాలు. స్థిర బిందువు పునరావృత్తిలో ప్రతి మూడు విలువలకూ దీన్ని వేసుకుంటూ పోతే న్యూటన్ పద్ధతి వేగం ఉచితంగా దొరుకుతుంది. ఇంకా చాలకపోతే వచ్చిన ఫలితాలకే మళ్లీ వేయండి, వేసిన ప్రతిసారీ సరైన అంకెలు పెరుగుతాయి.”

ఈ సలహాలోని మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం. ముందుగా పేరు సంగతి తేల్చేస్తాను, అది చిన్నది. ఏట్కెన్ 1926లో ఈ సూత్రాన్ని ప్రచురించిన మాట నిజమే. కానీ జపాన్ గణితవేత్త సెకి తకకజు ఇదే పని అంతకు రెండు శతాబ్దాల ముందే చేశాడు. వృత్తంలో గీసిన 32768, 65536, 131072 భుజాల బహుభుజుల చుట్టుకొలతలు తీసుకుని, ఆ మూడింటి నుంచి π విలువను రాబట్టాడు. అది ఆయన మరణం తర్వాత 1712లో అచ్చయింది. ఈ చరిత్రను ఊరికే తవ్వి తీయలేదు. భుజాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ చుట్టుకొలతలోని దోషం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. సెకికి సూత్రం పనిచేయడానికి కారణం అదే, ఆ సలహాలోని మొదటి వాక్యం తప్పవడానికి కారణమూ అక్కడే ఉంది.

ఈ సూత్రం చేసేది ఒక్క ఊహ. అవధి L అనుకుంటే, ప్రతి మెట్టులోనూ దోషం ఒకే నిష్పత్తిలో తగ్గుతోందని, అంటే దోషాలు గుణశ్రేఢిలో ఉన్నాయని అది నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని సమీకరణంగా రాసి L కోసం సాధిస్తే వచ్చేదే ఈ సూత్రం:

```
(x2 - L)/(x1 - L) = (x1 - L)/(x0 - L)
L = x0 - (x1 - x0)^2 / (x2 - 2*x1 + x0)
```

దోషాలు నిజంగానే గుణశ్రేఢికి దగ్గరగా ఉంటే ఫలితం అద్భుతంగా ఉంటుంది. లేకపోయినా సూత్రం ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. చిక్కంతా అక్కడే. తన ఊహ తప్పిందని అది ఎక్కడా చెప్పదు.

1/n² శ్రేణినే తీసుకోండి. దాని మొత్తం π²/6, అంటే 1.644934. పది పదాల మొత్తం 1.549768, పదకొండు పదాలకు 1.558032, పన్నెండు పదాలకు 1.564977. ఈ మూడింటికీ సూత్రం వేస్తే 1.601510 వస్తుంది. పన్నెండు పదాల దగ్గర 0.0800 ఉన్న దోషం 0.0434కు దిగింది. దాదాపు సగం, అంతే. పన్నెండుకు బదులు పన్నెండు వేల పదాలు కూడినా ఇదే కథ, అప్పుడూ సగమే పోతుంది.

ఎందుకో చేత్తోనే చూడవచ్చు. వరుస తేడాలు 1/121, 1/144. సూత్రాన్ని మధ్య విలువ నుంచి రాసుకుంటే, దానికి కలిపే సవరణ ఈ రెండు తేడాల లబ్ధాన్ని వాటి వ్యత్యాసంతో భాగించగా వచ్చేది. 144 నుంచి 121 తీసేస్తే 23, కాబట్టి సవరణ కచ్చితంగా 1/23. పదకొండు పదాల తర్వాత నిజంగా మిగిలిన తోక 0.086902, అది ఇంచుమించు 2/23. సూత్రం ప్రతిసారీ సగం మాత్రమే అంచనా వేస్తోందన్నమాట. ఆ సంగతి ముందే తెలిస్తే సవరణను రెట్టింపు చేయవచ్చు. 1.558032కు 2/23 కలిపితే 1.644989 వస్తుంది, దోషం 0.00005 మాత్రమే. అవే మూడు సంఖ్యలు ఇంత మంచి జవాబిచ్చాయంటే, శ్రేణి స్వభావం తెలిసి సూత్రాన్ని మార్చడమే కారణం. రెట్టింపు చేయడం ఈ శ్రేణికి నప్పే కిటుకు. దీన్ని మరో శ్రేణికి కళ్లు మూసుకుని వాడితే మళ్లీ మొదటికే వస్తాం.

“మూడు విలువలుంటే చాలు” అనే మాట కూడా ఇక్కడే కూలిపోతుంది. లెక్కించడానికి మూడు చాలు, నమ్మడానికి చాలవు. వరుస తేడాల నిష్పత్తి ఒకచోట నిలబడుతోందా లేదా చూడాలి. పై శ్రేణిలో 1/121 నుంచి 1/144కు నిష్పత్తి 0.84. ఒక్క దాన్నే చూస్తే చక్కని గుణశ్రేఢిలాగే కనిపిస్తుంది. నూరో పదం దాటాక చూస్తే అది 0.98, ఇంకా ముందుకు పోతే 1 వైపు పాకుతూనే ఉంటుంది. అలా పాకుతుంటే ఈ సూత్రాన్ని పక్కన పెట్టాలి. నిష్పత్తి 1కి దూరంగా ఏదో ఒక విలువ దగ్గర కుదురుకుంటే, అది రుణాత్మకమైనా సరే, సూత్రానికి అనువైన చోటు దొరికినట్టే.

ఇక న్యూటన్ వేగం మాట. ఇందులో సగం నిజముంది కాబట్టే ఇంతమంది నమ్ముతున్నారు. x = cos x సమీకరణాన్ని రేడియన్లలో, 1 దగ్గర మొదలుపెట్టి సాధిద్దాం. జవాబు 0.7390851332. వచ్చిన విలువకే మళ్లీ కొసైన్ తీసుకుంటూ పోతే ఈ పునరావృత్తి ఇచ్చే విలువలు 1, 0.540302, 0.857553, 0.654290, 0.793480 ఇలా అటూ ఇటూ ఊగుతూ దగ్గరవుతాయి. ప్రతి మెట్టులో దోషం సుమారు 0.67 రెట్లవుతూ గుర్తు మారుతుంది. వరుస త్రయాలకు సూత్రం వేస్తే 0.728010, 0.733665, 0.736906 వస్తాయి. మేలే, కానీ దోషాలు చూడండి: 0.0111, 0.0054, 0.0022. ఇవీ గుణశ్రేఢిలా మెట్టుమెట్టుకు సగం చొప్పున తగ్గుతున్నాయే తప్ప, న్యూటన్ పద్ధతిలోలా సరైన అంకెలు రెట్టింపు కావడం లేదు. నిష్పత్తి 0.67 నుంచి దాని వర్గమైన 0.45 వైపు మారింది. ఆరుసార్లు కొసైన్ లెక్కించాక ఈ దారిలో దొరికేది 0.738636.

న్యూటన్ స్థాయి వేగం కావాలంటే, మెరుగైన విలువను పక్కన రాసుకుని వదిలేయకుండా దాన్నే కొత్త ఆరంభంగా తీసుకోవాలి. డెన్మార్క్ గణితవేత్త స్టెఫెన్సెన్ 1933లో చెప్పింది ఇదే. 0.728010 నుంచి మళ్లీ రెండు కొసైన్లు తీస్తే 0.746500, 0.734070 వస్తాయి. ఆ మూడింటికీ సూత్రం వేస్తే 0.739067. మరో రెండు కొసైన్లతో పది దశాంశ స్థానాల దాకా సరైన విలువ వచ్చేస్తుంది. మొత్తం ఆరు కొసైన్లు. మామూలు పునరావృత్తికి ఇదే పనికి దాదాపు 57 కావాలి.

```
def steffensen(g, x, tol=1e-12):
    for _ in range(50):
        x1 = g(x)
        x2 = g(x1)
        d1, d2 = x1 - x, x2 - x1
        dd = d2 - d1
        if abs(d2) < tol or dd == 0:
            return x2
        x = x2 - d2*d2/dd
    return x
```

“ఉచితంగా” అన్నది మాత్రం కుదరదు. ఒక్కో మెట్టుకు పునరావృత్తి ప్రమేయం g ను రెండుసార్లు లెక్కించాలి. న్యూటన్ పద్ధతికీ ఒక ప్రమేయం విలువ, ఒక అవకలజం విలువ కావాలి కాబట్టి ఖర్చు సుమారు సమానం, లాభమల్లా అవకలజం అక్కర్లేకపోవడమే. స్థిర బిందువు దగ్గర g అవకలజం సరిగ్గా 1 అయితే ఆ వేగమూ ఉండదు. x = sin x కు సున్నా దగ్గర అదే జరుగుతుంది. స్టెఫెన్సెన్ మెట్టు కూడా దోషాన్ని ప్రతిసారీ మూడింట రెండు వంతులకు మాత్రమే తగ్గిస్తుంది. సాదా పునరావృత్తి అక్కడ అంతకన్నా అధ్వానమనుకోండి.

మళ్లీ మళ్లీ వేయడం కొన్నిచోట్ల నిజంగానే ఫలిస్తుంది. 4(1 - 1/3 + 1/5 - …) శ్రేణిలో అయిదు పదాల మొత్తం 3.3397, π కు చాలా దూరం. మొదటి అయిదు మొత్తాల నుంచి వచ్చే మూడు మెరుగైన విలువలు 3.16667, 3.13333, 3.14524. ఈ మూడింటికి మళ్లీ వేస్తే 3.14211. గుర్తులు మారే శ్రేణి కాబట్టి తేడాల నిష్పత్తి -1 వైపు పోతుంది, అది 1కి చాలా దూరం. 1/n² శ్రేణిలో మాత్రం రెండోసారి వేసినా మిగిలినదానిలో మళ్లీ సుమారు సగమే పోతుంది.

అంకెలు పెరగకపోగా ఉన్నవీ పోయే సందర్భం మరొకటి ఉంది. దోషాలు కచ్చితమైన గుణశ్రేఢిలో ఉన్నా సరే, నిష్పత్తి 1కి దగ్గరైతే అది ఎదురవుతుంది. అవధి 2, నిష్పత్తి 0.99, మొదటి విలువ 1.5 అనుకుందాం. తర్వాతి విలువలు 1.505, 1.50995. అయిదు దశాంశాలతో సూత్రం వేస్తే సరిగ్గా 2 వస్తుంది. ఇప్పుడు నాలుగు దశాంశాలే ఉంచుకోండి. చివరి విలువను 1.5100 అని సవరిస్తే రెండు తేడాలూ 0.0050 అయి, సున్నాతో భాగించాల్సి వస్తుంది. 1.5099 అని కత్తిరిస్తే జవాబు 1.75. విలువలో 0.00005 పొరపాటు జవాబులో 0.25 అయింది, అయిదు వేల రెట్లు. ఈ హెచ్చింపు 1/(1 - నిష్పత్తి)² స్థాయిలో ఉంటుంది, 0.99కి అది పదివేలు. సూత్రాన్ని పదేపదే వేస్తే ప్రతి పొరలోనూ ఈ మొత్తం మళ్లీ కట్టాలి. మెరుగైన విలువలు కొంతదూరం కుదురుగా వచ్చి, ఆ తర్వాత గుర్తులు మారుస్తూ చెదిరిపోతుంటే, మీరు చూస్తున్నది అవధిని కాదు, దశాంశాలు కుదించడంలో వచ్చిన దోషాన్ని. అక్కడికి ఆపేయాలి.

ఇలాంటి చోట విలువలను వరుసగా కాకుండా దూరదూరంగా తీసుకోవడం మేలు. పై ఉదాహరణలోనే, నాలుగు దశాంశాలతోనే, యాభై మెట్లకు ఒకటి చొప్పున తీసుకుంటే 1.5000, 1.6975, 1.8170 వస్తాయి. నిష్పత్తి ఇప్పుడు 0.99 కాదు, దాని యాభయ్యో ఘాతం, అంటే 0.605. హెచ్చింపు పదివేల నుంచి ఆరేడుకు పడిపోతుంది. సూత్రం వేస్తే 2.0001. నూరు మెట్లు నడిచిన మాట నిజమే, కానీ సూత్రం లేకుండా ఆ నూరు మెట్లు చేర్చేది 1.8170 దగ్గరికే.