వన్స్ మోర్ అనిపించుకోలేని పాట

మా గుంటూరు, తెనాలి, విజయవాడ ప్రాంతంలో నాటకం చూసి పెరిగినవారికి ‘వన్స్ మోర్’ అనే కేక కొత్త కాదు. నటుడు పద్యం ఎత్తుకుంటాడు, చివరి పాదం దగ్గర రాగం సాగదీస్తాడు, హార్మోనియం వెంట పరుగెత్తుతుంది, చప్పట్లు మోగుతాయి. వెనక వరుసలోంచి కేక వస్తుంది. చనిపోబోతున్న పాత్ర కూడా ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ పాడి, అప్పుడు చనిపోతుంది. ఆ గాత్రాల మీద నాకు అపారమైన ప్రేమ ఉంది. కానీ సంగీత నాటకానికి దృశ్యం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ కేకే నాకు గీటురాయి. ప్రేక్షకుడు మళ్ళీ పాడమన్నప్పుడు ఏ ఇబ్బందీ లేకుండా పాడగలిగితే, ఆ పాట జరుగుతున్నంతసేపూ కథ నిలబడి ఉందని అర్థం. కథను నడిపిన పాటను మళ్ళీ పాడాలంటే, అది మొదలైనచోటికి పాత్రలన్నీ వెనక్కి నడవాలి.

ఈ సంగతి నేర్చుకోవడానికి దూరం పోనక్కరలేదు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగంలో శయన దృశ్యం చూడండి. దుర్యోధనుడు ముందు వచ్చి తలవైపు ఆసనం మీద కూర్చున్నాడు. అర్జునుడు తరువాత వచ్చి కాళ్ళవైపు ఉన్నాడు. కృష్ణుడు కళ్ళు తెరిచి మొదట అర్జునుణ్ణి పలకరించి, ఆ తరువాత దుర్యోధనుడి వైపు తిరిగి ‘బావా! ఎప్పుడు వచ్చితీవు’ అంటూ శార్దూలం అందుకుంటాడు. పల్లెటూరి పిల్లవాడికి కూడా నోటికి వచ్చిన పద్యం అది. పైకి చూస్తే క్షేమ సమాచారం. కానీ ఆ దృశ్యంలో తగాదా అంతా ఎవరు ముందు వచ్చారన్నదాని మీదే కదా! ‘ఎప్పుడు వచ్చావు’ అని అడగడంతోనే, నువ్వు ముందు వచ్చిన సంగతి నాకు తెలియదు అని కృష్ణుడు చెప్పేశాడు. దుర్యోధనుడి చేతిలో ఉన్న ఒకే ఒక్క హక్కు మూడు మాటల్లో జారిపోయింది. ఆ తరువాత తమ్ముళ్ళు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణుడు క్షేమమా అని ఒక్కొక్కరినీ అడుగుతాడు. నాకు అది మర్యాదగా మాత్రమే వినిపించదు. నీ వైపు ఇంతమంది ఉన్నారు సుమా అని లెక్కపెట్టి చూపిస్తున్నట్టు ఉంటుంది. పద్యం మొదలైనప్పుడు దుర్యోధనుడు ముందున్నాడు, ముగిసేసరికి వెనకబడ్డాడు. మధ్యలో ఎవరూ కత్తి దూయలేదు, ఎవరూ ఏడవలేదు.

అదే దృశ్యాన్ని కొందరు నటులు రాగం కోసం సాగదీసినప్పుడు ఆ మొదటి మూడు మాటలూ ఆలాపనలో మునిగిపోతాయి. అప్పుడది వట్టి పలకరింపుగానే మిగులుతుంది. తప్పు పద్యంలో లేదు. కథ ఏ మాటలో ఉందో పాడేవారికి తెలియకపోవడంలో ఉంది.

అమెరికా సంగీత నాటకాల్లోనూ పాటే కథను నడిపే మలుపు వచ్చింది. ఆస్కార్ హామర్‌స్టీన్ మాటలు, రిచర్డ్ రాడ్జర్స్ బాణీలు కట్టిన ‘క్యారసెల్’ 1945లో ప్రదర్శనకు వచ్చింది. అందులో ఒక మిల్లు అమ్మాయి, జాతరలో రంగులరాట్నం దగ్గర జనాన్ని పిలిచే యువకుడు ఒక బల్ల మీద కూర్చుని మాట్లాడుకుంటారు. ఇద్దరూ ఆ రోజే పని పోగొట్టుకున్నవారు. నేను నిన్ను ప్రేమించడం లేదు, ఒకవేళ ప్రేమిస్తే ఇలా ఉండేదాన్ని అని ఆమె పాడుతుంది. తరువాత అదే ‘ఒకవేళ’ను అతను పాడతాడు. మధ్యమధ్య మామూలు మాటలు వస్తాయి, మళ్ళీ పాట ఎత్తుకుంటుంది. దృశ్యం పొడవునా ఇద్దరూ ప్రేమను కాదంటూనే ఉంటారు, చివరికి ఆ ప్రేమలోనే చిక్కుకుంటారు. పాటను ఎత్తేస్తే వాళ్ళిద్దరూ ఎలా దగ్గరయ్యారో ప్రేక్షకుడికి తెలిసే దారే లేదు.

మనకు దీనికి అడ్డం వచ్చేది పల్లవి. మన పాట కట్టుబాటే అది: చరణం ఎక్కడికి వెళ్ళినా పల్లవికి తిరిగి రావాలి. కథ ముందుకు పోవాలంటుంది, పల్లవి వెనక్కి లాగుతుంది. అందుకే చాలామంది రచయితలు పాటలో కథ చెప్పడమే మానేసి, మనసులో భారమంతా అందులో పోసి ఊరుకుంటారు. నేనూ అదే చేశాను. గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంగా ఒక సంగీత నాటకం రాస్తూ, ధర పడిపోయిన రోజున రైతు చేత ఒక శోకగీతం పాడించాను. ఎండకు ఎండిన బతుకు, కంట్లో పడిన కారం, అన్నీ ఉన్నాయి. రిహార్సల్‌లో మా హార్మోనిస్టు పాట అయిపోయాక చాలా మెల్లగా అడిగారు: “ఇది తీసేస్తే కథలో ఏమైనా పోతుందా అండీ?” ఏమీ పోదు. పాటకు ముందు రైతు బస్తాల పక్కన దిగులుగా కూర్చున్నాడు, పాట తరువాతా అక్కడే అలాగే కూర్చున్నాడు.

దాన్ని చించేసి మళ్ళీ రాసిన తీరు చెబుతాను.

మొదట పాట రాయలేదు. పాట మొదలయ్యే ముందు ఎవరికి ఏమి కావాలో, ముగిసేసరికి ఏమి మారాలో రెండు వాక్యాల్లో రాసుకున్నాను. తండ్రి నలభై టిక్కీల, అంటే నలభై బస్తాల, తేజ రకం మిరపకాయలు తెచ్చాడు. ఈ రోజే అమ్మేద్దామంటాడు. లెక్కలు చూసే కూతురు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర పెరిగేదాకా ఆగుదామంటుంది. పాట ముగిసేసరికి సరుకు అమ్ముడుపోవాలి, అమ్మమని చెప్పేది కూతురే కావాలి. క్వింటా ధర, తాలు ఎంత, కోల్డ్ స్టోరేజీ అద్దె ఎంత, ఇవన్నీ పాటకు ముందు మాటల్లోనే చెప్పించేశాను. అంకెలు పాటలో పెడితే ప్రేక్షకుడు లెక్క కడుతూ ఉండిపోతాడు, పాట వినడు. పైగా పాట నెమ్మది. మా పాట నాలుగున్నర నిమిషాలు పట్టింది. అదే మాటలు చదివితే నిమిషం పడుతుంది. కాబట్టి నెమ్మదిగా జరిగితేనే నమ్మకం కలిగేది మాత్రమే పాటకు మిగలాలి. ఒక మనిషి మనసు మార్చుకోవడం అలాంటిదే.

కూతురు పల్లవి ఇలా ఎత్తుకుంటుంది:

ఆగుదాం నాన్నా, నెల్లాళ్ళు ఆగుదాం
చలిగదిలో దాచుకుంటే ఎరుపు చెక్కుచెదరదు

తండ్రి ఎందుకు ఆగలేనంటున్నాడో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మొదటి చిత్తులో అతని చేత ‘నీ చదువుకు అప్పు చేశానమ్మా’ అని సూటిగా పాడించాను. అది ప్రకటన అయింది. వినడం తప్ప కూతురికి పని లేకుండా పోయింది. అందుకని దాన్ని ప్రశ్నగా మార్చాను:

పైసా పైసా పద్దు రాసే పిల్లవే
ఒక్క పద్దు ఎందుకమ్మా వదిలినావు?
కిందటేడు నువ్వు హాస్టలు చేరినావు
ఆ డబ్బు ఏ చేనులో పండిందమ్మా?

ఇప్పుడు జవాబు వెతుక్కోవలసింది ఆమె. అప్పు కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చాడని ఆమెకు తెలిసేదీ, మనకు తెలిసేదీ ఒకే క్షణంలో. చరణం తరువాత అలవాటుగా పల్లవి రావాలి. వస్తుంది. కానీ ఆమె ‘ఆగుదాం’ అని ఎత్తుకుని ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. తాళం నడుస్తూనే ఉంటుంది, మాట ఉండదు. మా సంగీత దర్శకుడు ఆ ఖాళీని వేణువుతో నింపారు. తీసేయమని బతిమాలాను. ఆ నాలుగు ఆవర్తాల ఖాళీలోనే ఆమె మనసు మారుతోంది, అక్కడ వినసొంపుగా ఏమున్నా ప్రేక్షకుడి చూపు ఆమె ముఖం మీద నిలవదు.

ఆ ఖాళీలోకి కమీషన్ వ్యాపారి వస్తాడు. రైతుతో వరస కలుపుకుని, ఆమె వదిలేసిన పల్లవినే అందుకుంటాడు:

ఆగుదాం బావా, నెల్లాళ్ళు ఆగుదాం
బాకీ మాట ఎత్తనులే, బస్తాలు నా పేర దాచుదాం

మాటలు అవే, బాణీ అదే. కూతురి నోట ఆశగా వినిపించిన ‘ఆగుదాం’ ఇతని నోట ఉచ్చుగా వినిపిస్తుంది. సరుకు అతని పేరున గిడ్డంగిలో చేరితే నెల తరువాత ధర పెరిగినా ఆ లాభం రైతుది కాదు. పల్లవి కథను వెనక్కి లాగుతుందని భయపడ్డాను కదా, ఇక్కడ అదే ముందుకు తోసింది. పల్లవి తిరిగి వచ్చేలోగా పాడే మనిషైనా మారాలి, వినే మనిషైనా మారాలి, లేదా వాళ్ళకు తెలిసినదైనా మారాలి. ఈ మూడింటిలో ఒక్కటీ మారకపోతే ఆ పల్లవిని నిర్దాక్షిణ్యంగా కొట్టేయాలి.

చివరి పల్లవి మళ్ళీ కూతురిది. ఇక్కడ తెలుగు నాకు ఒక వరం ఇచ్చింది. ‘ఆగుదాం’ గురువు, లఘువు, గురువు. ‘అమ్ముదాం’ కూడా సరిగ్గా అంతే. బాణీలో ఒక్క స్వరం కదపకుండా మాట మార్చవచ్చు:

అమ్ముదాం నాన్నా, ఈ పూటే అమ్ముదాం

మూడుసార్లు ‘ఆగుదాం’ విన్న చెవి నాలుగోసారీ అదే వస్తుందనుకుంటుంది. రెండో అక్షరం ఒత్తులో మాట తిరగబడుతుంది. అప్పు తీరిపోవాలంటే తక్కువ ధరకైనా ఈ రోజే అమ్మాలని ఆమె నిర్ణయించుకుంది. దాన్ని వివరించే ఇంకొక చరణం రాశాను, తీసేశాను. ఆ మాటతోనే అంతా తెలిసిపోయాక వివరణ ఎందుకు?

అయితే ఆ ఒక్క ఒత్తు వినబడకపోతే దృశ్యమంతా కూలిపోతుంది. మొదటిసారి ఆడినప్పుడు సరిగ్గా అదే జరిగింది. డోలక్ ఆ దెబ్బ మీదే ముక్తాయింపు వేసింది. వెనక వరుసల్లోని వారు ‘ఆగుదాం’ అనే విన్నారు, మరుక్షణంలో బస్తాలు ఎందుకు కదిలాయో వారికి బోధపడలేదు. తరువాతి రిహార్సల్ నుంచి ఆ పాదానికి ముందు వాయిద్యాలన్నీ ఆపించాం. ఒక అలవాటు కూడా పెట్టుకున్నాం. పాట ఎన్నడూ వినని ఒకరిని తెచ్చి వెనక కూర్చోబెడతాం. ప్రతి చరణం తరువాత ఆపి, ఇప్పుడు ఎవరికి ఏమి కావాలి అని అడుగుతాం. ‘పాట బాగుంది’ అని మాత్రమే చెబితే ఆ చరణం మళ్ళీ రాయాలి. ‘ఆ అమ్మాయి ఇక ఆగమనదు’ అన్నారంటే అది నిలిచినట్టు.

ముగింపు దగ్గర మా వాళ్ళతో చాలా వాదన జరిగింది. పాటను తాళం మీద దింపి ముగిస్తే చప్పట్లు వస్తాయి, నటి ఒక్క క్షణం కూతురి పాత్ర వదిలి గాయని అవుతుంది. ఆ చప్పట్లు ఆమెకు దక్కవలసినవే, కాదనను. కానీ అప్పటికి సరుకు ఇంకా అమ్ముడుపోలేదు. అందుకని చివరి ‘అమ్ముదాం’ను తాళం మీద దించలేదు. హార్మోనియం శ్రుతి అలాగే పట్టుకుని ఉంటుంది, మొదటి టిక్కీ కాటా మీద పడిన చప్పుడుతో ఆవర్తం పూర్తవుతుంది. వెంటనే గుమాస్తా బరువు చదువుతాడు.