ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటోల మీద తిరుగుతున్న మెసేజ్‌కి లెక్కలతో జవాబు

“అన్నలారా, ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటో గానీ చిన్న వ్యాన్ గానీ కొని మునిగిపోకండి. కంపెనీవాళ్లు 150 కిలోమీటర్లు అంటారు, లోడు వేస్తే 60 కూడా రాదు. ఛార్జింగ్‌కే సగం రోజు పోతుంది. డీజిల్ బండి కన్నా లక్షకు పైగా ఎక్కువ పెట్టి కొంటే ఆ డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు. మూడేళ్లకి బ్యాటరీ చచ్చిపోతుంది. సిటీలో సామాన్లు తోలేవాళ్లకి డీజిలే దిక్కు. అందరికీ పంపండి.”

హైదరాబాద్‌లో గోడౌన్ల దగ్గర, ట్రాలీ అడ్డాల దగ్గర ఈ మెసేజ్ చూడనివాళ్లు లేరు. అప్పు చేసి బండి కొనేవాళ్లు దీన్ని నమ్మినా నష్టపోవచ్చు, దీనికి పూర్తిగా ఎదురు మాట చెప్పే సేల్స్‌మన్‌ని నమ్మినా నష్టపోవచ్చు. అందుకే ఒక్కో మాటా విడివిడిగా చూద్దాం.

ముందు రేంజ్. 150 రాదన్నది నిజమే. ఆ అంకె పరీక్ష కేంద్రంలో రోలర్ల మీద బండిని నడిపి తీసింది. మూడు చక్రాల బళ్లకు వాడే ఆ పరీక్షలో స్పీడు 42 దాటదు. అక్కడ ఫ్లైఓవర్ ఎక్కడం ఉండదు, గుంతలుండవు, ఎదురుగాలి ఉండదు. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టి బ్యాటరీ సైజు అడగండి. బ్రోషర్‌లో కిలోవాట్ అవర్ అని రాసేది మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. మహీంద్రా ట్రియో జోర్‌లో 7.37 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది, యూలర్ హైలోడ్‌లో సుమారు 13 యూనిట్లు. మధ్యస్థంగా 10 యూనిట్ల బండి తీసుకుందాం. చివరి 15 శాతం వాడకుండా ఉంచుకుంటే చేతిలో ఉండేది ఎనిమిదిన్నర యూనిట్లు. సరైన లోడుతో సిటీలో యూనిట్‌కి 9 కిలోమీటర్లు లెక్క వేసుకోవచ్చు. అంటే 75 దాకా వస్తుంది. రోజు ప్లాన్ 70 మీద వేసుకుంటే టెన్షన్ ఉండదు.

మరి 60 కూడా రావడం లేదని చెప్పేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? కాదు. చాలాసార్లు కారణం ఓవర్‌లోడ్. 20 లీటర్ల వాటర్ క్యాన్లు 25 వేస్తే 500 కిలోలు. ఇలాంటి బండి మోయాల్సింది దాదాపు అంతే. డీజిల్ ట్రాలీలో 40 క్యాన్లు వేసే అలవాటుతో ఇందులోనూ అన్నే వేస్తే 800 కిలోలవుతుంది. యూనిట్లు ఎక్కువ తాగడంతో ఆగదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మోటారు, దానికి కరెంటు పంపే కంట్రోలర్ వేడెక్కి, తమను తాము కాపాడుకోవడానికి పవర్ తగ్గించేస్తాయి. బండి మధ్యలో ఈడ్చుకుంటూ పోతుంటే డ్రైవర్ దాన్ని బ్యాటరీ లోపం అనుకుంటాడు. రెండో కారణం స్పీడు. ఎత్తైన డబ్బా బాడీ కట్టించిన బండిని ఖాళీ రోడ్డు మీద 50లో తోలితే గాలి వెనక్కి తోసే బలం బాగా పెరుగుతుంది. బేగంబజార్ లాంటి చోట ఆగుతూ కదులుతూ పోయే బండికి ఈ బాధ లేదు. పైగా బ్రేక్ వేసిన ప్రతిసారీ కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళ్తుంది. డీజిల్ ఎక్కువ తాగే ట్రాఫిక్‌లోనే ఎలక్ట్రిక్ పొదుపుగా నడుస్తుంది.

లోపం బండిలో ఉందా, బ్యాటరీలో ఉందా అన్నది తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఛార్జింగ్ పాయింట్‌కి ఒక సబ్‌మీటర్ పెట్టించండి. వారానికోసారి ఎన్ని యూనిట్లు ఎక్కాయో, ఎన్ని కిలోమీటర్లు తిరిగారో పుస్తకంలో రాయండి. ఇంతకుముందు 100 కిలోమీటర్లకు గోడ సాకెట్ దగ్గర 12 యూనిట్లు పట్టేది ఇప్పుడు 15 పడుతోందంటే వెంటనే బ్యాటరీని అనుమానించొద్దు. టైర్లలో గాలి తగ్గిందా, బ్రేక్ పట్టేసి ఉందా, లోడు పెరిగిందా చూడండి. ఒక వెనక చక్రం పైకెత్తి చేత్తో తిప్పితే, పట్టేసిన బ్రేక్ అక్కడికక్కడే తెలిసిపోతుంది. అలా కాకుండా 100 కిలోమీటర్లకు ఇంకా 12 యూనిట్లే పడుతూ, ఫుల్ ఛార్జ్‌కి వచ్చే దూరం మాత్రం తగ్గిపోతుంటే అప్పుడు బ్యాటరీ బలం తగ్గుతున్నట్టు. ఆ పుస్తకం పట్టుకుని షోరూమ్‌కి వెళ్తే వారంటీ గురించి గట్టిగా మాట్లాడొచ్చు.

ఛార్జింగ్ సంగతికి వస్తే, 10 యూనిట్ల బ్యాటరీ మామూలు 16 ఆంపియర్ల సాకెట్ మీద సుమారు 4 గంటల్లో నిండుతుంది. రాత్రి బండి ఖాళీగా ఉండే సమయంలోనే ఆ పని అయిపోతుంది. మధ్యాహ్నం భోజనం వేళ ఒక గంట పెట్టినా 20 కిలోమీటర్లకు పైగా కలుస్తుంది. సమస్య టైమ్‌లో కాదు, వైరింగ్‌లో ఉంది. ఛార్జర్ దాదాపు 3 కిలోవాట్లు గంటల తరబడి లాగుతుంది. ఫ్రిజ్‌కి వేసిన సన్న వైరు మీద, వదులైన సాకెట్‌లో పెడితే ప్లగ్ కరిగిపోతుంది. బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. మొదటి వారంలో ఛార్జింగ్ పెట్టిన గంట తర్వాత ప్లగ్‌ని ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. ఒకే గోడౌన్‌లో నాలుగు బళ్లు పెడితే 12 కిలోవాట్లు, కాబట్టి కనెక్షన్ లోడు పెంచుకోవాల్సిందే.

ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త ఉంది. మే నెల మధ్యాహ్నం ట్రిప్పు ముగించుకుని వచ్చిన వెంటనే ప్లగ్ పెడితే, వేడి బ్యాటరీని కాపాడటానికి ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది. నీడలో అరగంట ఆగి పెడితే సరిపోతుంది.

అయితే సొంత ప్లగ్ లేనివాళ్లకు ఈ మెసేజ్ భయం నిజమే. అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉండి రోడ్డు మీద బండి పెట్టుకునే డ్రైవర్ ప్రతిరోజూ పబ్లిక్ ఛార్జర్ వెతుక్కోవాలి. పైగా చాలా ట్రాలీ ఆటోలు కార్ల ఫాస్ట్ ఛార్జర్ గన్‌ని తీసుకోవు. కొనేముందు బండికి ఏ ప్లగ్ ఉందో, అది మీ ఏరియాలో ఏ స్టేషన్‌లో పనిచేస్తుందో స్వయంగా వెళ్లి చూసుకోవాలి.

ఇక డబ్బు తిరిగి రాదన్న మాట. డీజిల్ ట్రాలీ ఆటోకీ దీనికీ ధరలో తేడా 1,20,000 అనుకుందాం. డీజిల్ లీటరు 95 రూపాయలు, లోడుతో సిటీ మైలేజీ 25 అయితే కిలోమీటరుకు 3.80 ఖర్చు. ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలుపుకుంటే ఎలక్ట్రిక్ బండి గోడ దగ్గరి యూనిట్‌కి 8 కిలోమీటర్లు తిరుగుతుంది. యూనిట్ 8 రూపాయలు వేసినా కిలోమీటరుకు ఒక రూపాయి. మిగిలేది 2.80. రోజుకు 70 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే 1,820 కిలోమీటర్లకు దాదాపు 5,100 రూపాయలు మిగులుతాయి. ధరలో తేడా రెండేళ్లలో వచ్చేస్తుంది.

కానీ ఈ లెక్క ఇక్కడ ఆపితే మోసం చేసినట్టే. ఎలక్ట్రిక్ బండికి అప్పు పెద్దది, ఫైనాన్స్‌వాళ్లు వడ్డీ కూడా ఎక్కువ వేయొచ్చు. మూడేళ్లలో వడ్డీ తేడా 40,000 అయితే ఇంకో 8 నెలలు కలుపుకోవాలి. మొత్తం రెండేళ్ల 8 నెలలు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, క్లచ్ ఖర్చు లేకపోవడం దీన్ని కొంత తగ్గిస్తుంది. అదే బండి రోజుకు 35 కిలోమీటర్లే తిరిగితే, వడ్డీ కలపకుండానే నాలుగేళ్లు పడుతుంది. రోజూ 70 తిరిగినా, యూనిట్ 18 రూపాయల పబ్లిక్ ఛార్జింగ్ మీదే ఆధారపడితే మూడున్నరేళ్లు. కాబట్టి తక్కువ తిరిగేవాళ్ల విషయంలో ఈ మెసేజ్ దాదాపు నిజం, సొంత ప్లగ్ మీద బాగా తిరిగేవాళ్ల విషయంలో పూర్తిగా తప్పు.

చిన్న వ్యాన్లకు ఒకే మాట చెప్పలేం. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ ధర 9.99 లక్షల దగ్గర మొదలైంది. మామూలు ఏస్‌తో తేడా ఎంత పెద్దదంటే, రోజుకు 90 కిలోమీటర్ల పక్కా కాంట్రాక్ట్ లేకుండా కొనడం మంచిది కాదు. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో కథ వేరు. విడుదలప్పుడు పెట్రోల్‌ది 3.99 లక్షలు, ఎలక్ట్రిక్‌ది 6.50 లక్షలు. బ్యాటరీ 14.4 యూనిట్లు, మోసేది 750 కిలోలు, కంపెనీ చెప్పే రేంజ్ 155. నేనైతే 80 మీదే ప్లాన్ వేస్తాను. పెట్రోల్ 107 రూపాయలు, మైలేజీ 18, ఎలక్ట్రిక్‌కి యూనిట్‌కి 7 కిలోమీటర్లు అనుకుంటే కిలోమీటరుకు 4.80 దాకా మిగులుతుంది. రోజుకు 80 తిరిగితే రెండున్నర లక్షల తేడా రెండేళ్లకు కాస్త అటూ ఇటూగా తీరుతుంది. వడ్డీ దీనికీ వేరే ఉంటుంది.

బ్యాటరీ మూడేళ్లకు చచ్చిపోతుందన్న భయం ఎక్కువగా లెడ్ యాసిడ్ బ్యాటరీల ఈ-రిక్షాలను చూసి వచ్చింది. వాటికి ఏడాది, ఏడాదిన్నరకే మార్చాల్సి వచ్చేది. ఇప్పటి ట్రాలీల్లో ఉండేది లిథియం. నెలకు 1,820 చొప్పున మూడేళ్లకు 65,000 కిలోమీటర్లు, అంటే రోజుకోసారి చొప్పున 930 ఛార్జ్‌ల చుట్టుపక్కల. లిథియంలోనే ఎల్‌ఎఫ్‌పీ అనే రకం మంచి బ్యాటరీ 2,000 ఛార్జ్‌లు దాటి తట్టుకుంటుంది. వారంటీ కాగితంలో ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, బలం ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు అన్న మూడూ రాసి ఉన్నాయో లేదో చూడండి. మెసేజ్ రాసినవాళ్లు వదిలేసిన అసలు బాధ మరొకటి ఉంది. అది రీసేల్. పాత ఎలక్ట్రిక్ ట్రాలీ కొనేవాళ్లు ఇంకా తక్కువ. మూడేళ్లకు అమ్మేసి కొత్తది తీసుకునే అలవాటున్నవాళ్లు ఆ నష్టం ముందే లెక్కలో వేసుకోవాలి.

చివరిగా, డీజిల్ ఎవరికి దిక్కు అన్న ప్రశ్న. బాలానగర్ గోడౌన్‌లో పొద్దున లోడు ఎత్తి కూకట్‌పల్లి, నిజాంపేట్, మియాపూర్ కిరాణా కొట్లకు వేసి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, గంటసేపు ప్లగ్ పెట్టి, సాయంత్రం ఇంకో చిన్న ట్రిప్పు వేసే బండికి డీజిల్ అవసరం లేదు. దారి తెలుసు, దూరం తెలుసు, తిరిగొచ్చే చోట ప్లగ్ ఉంది. పాలు, బ్రెడ్డు, గుడ్లు, గ్యాస్ సిలిండర్లు, ఆన్‌లైన్ పార్సిళ్లు అన్నీ ఇలాంటి పనే. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి మూడు చక్రాల బళ్లను రానివ్వరు కాబట్టి, శంషాబాద్ వైపు వేర్‌హౌస్ నుంచి సరుకు తెచ్చే పనికి వ్యాన్ చూసుకోవాలి. అడ్డా మీద నిలబడి, వచ్చిన కిరాయల్లా ఒప్పుకుని, ఒకరోజు సంగారెడ్డి, ఒకరోజు షాద్‌నగర్ పోయే డ్రైవర్ మాత్రం ఇప్పటికి డీజిల్ గానీ సీఎన్జీ గానీ ఉంచుకోవడమే మేలు. పొద్దున 80 శాతం బ్యాటరీతో నిలబడ్డప్పుడు 120 కిలోమీటర్ల కిరాయి వస్తే, దాన్ని వదులుకోవాల్సి వస్తుంది.