బాండ్ మీద 10 శాతం, లెక్కలో 8 శాతం

"బాండ్లు కొనేవాళ్లకు ముఖ్య గమనిక! బాండ్ మీద 10 శాతం అని ఉంటే మీ ఆదాయం 10 శాతమే. ఎఫెక్టివ్ రేటు అనేది అకౌంటెంట్ల మాయ. ముఖ విలువకే కొంటే రెండు రేట్లూ ఎలాగూ ఒకటే. రిజర్వ్ బ్యాంకు రేటు మార్చినప్పుడల్లా ఎఫెక్టివ్ రేటూ మారిపోతుంది. ప్రీమియం కట్టి కొన్నా టెన్షన్ వద్దు, చివర్లో ఒకసారి చూసుకోవచ్చు, అప్పటిదాకా వచ్చిన వడ్డీ అంతా పంచుకోవచ్చు. అమార్టైజ్డ్ కాస్ట్ అంటే నష్టాన్ని దాచడమే. పదిమందికీ షేర్ చేయండి!"

చేశారు. పదిమందికి కాదు, అనంతపురంలో ఫోన్ ఉన్న ప్రతివాళ్లకూ చేసినట్టున్నారు. రిటైర్డ్ టీచర్ల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా బావమరిది కూడా "ఇది నిజమేనా బావా" అని పంపించాడు. ఉద్యోగుల పొదుపు సొసైటీల లెక్కలు రాసి బతికేవాణ్ని కాబట్టి ఊరుకోలేకపోతున్నా.

ముందు చిన్నవి తేల్చేద్దాం. ముఖ విలువకే, అంటే బాండు మీద అచ్చైన ధరకే కొన్నప్పుడు, బాండు మీద రాసున్న రేటూ, మనకు నిజంగా గిట్టే ఎఫెక్టివ్ రేటూ ఒకటి కావాలంటే వడ్డీ ఏడాదికి ఒక్కసారే రావాలి. మన కేంద్ర ప్రభుత్వ బాండ్లు చాలావరకు ఆరు నెలలకోసారి ఇస్తాయి. 7 శాతం బాండును సరిగ్గా వందకే కొన్నా ఆరు నెలలకు మూడున్నర ముందే చేతికొస్తుంది. దాని మీద మిగతా ఆరు నెలల వడ్డీ కూడా కలిపితే ఏడాదికి 7.12 శాతం అవుతుంది. ఇక రిజర్వ్ బ్యాంకు సంగతి. స్థిర వడ్డీ బాండుకు ఎఫెక్టివ్ రేటు కొన్న రోజే తేలిపోతుంది. ఆ తర్వాత రెపో రేటు మారితే మార్కెట్లో బాండు ధర మారుతుంది, మన పుస్తకంలో రేటు మారదు. వడ్డీ మారుతూ ఉండే ఫ్లోటింగ్ రేటు బాండు అయితే వేరు, కానీ 10 శాతం అని రాసున్న బాండు గురించి కదా మాట్లాడుతున్నది.

నాకు ఒళ్లు మండింది ప్రీమియం దగ్గర, అంటే ముఖ విలువ మీద ఎక్కువ కట్టే డబ్బు దగ్గర. ఈ ఒక్క వాక్యం నమ్మితే మనుషుల డబ్బు పోతుంది.

ఒక సొసైటీ మూడేళ్ల బాండు కొన్నది అనుకుందాం. ముఖ విలువ 1,00,000, కూపన్, అంటే బాండు మీద రాసున్న వడ్డీ, 10 శాతం, అదీ ఏడాదికోసారి. అదే తరహా బాండ్ల మీద బయట 8 శాతమే దొరుకుతున్న రోజుల్లో 10 శాతం ఇచ్చేదాన్ని లక్షకే ఎవడూ అమ్మడు. 1,05,154కు అమ్మాడు. సొసైటీకి ఏటా 10,000 వస్తుంది, మూడో ఏడు చివర ఆఖరి వడ్డీతో పాటు లక్ష తిరిగొస్తుంది. లక్షే వస్తుంది, 1,05,154 కాదు.

ఇచ్చిన డబ్బునూ, వచ్చే డబ్బును ఇవాళ్టి విలువలోకి మార్చిన మొత్తాన్నీ సరిగ్గా సమానం చేసే రేటే ఎఫెక్టివ్ రేటు. మాయ అన్నారు కాబట్టి, ఎక్సెల్‌లో B1 నుంచి B4 దాకా -105154, 10000, 10000, 110000 అని కొట్టి, పక్క గడిలో ఇది రాయండి:

```
=IRR(B1:B4)
```

8 శాతం అని చూపిస్తుంది. గడిలో దశాంశాలు పెంచితే చివర్లో పిసరంత తేడా కనిపిస్తుంది, అది ధరను రూపాయికి సవరించినందువల్ల. బ్రోకరేజి 500 ఇచ్చి ఉంటే దాన్నీ కొన్న ధరలోనే కలపాలి, అప్పుడు రేటు 7.81 దగ్గరికి దిగుతుంది. రెండు వడ్డీ తేదీల మధ్యలో కొంటే, అమ్మినవాడికి అప్పటిదాకా పేరుకున్న వడ్డీ కూడా ఇస్తాం. అది ప్రీమియం కాదు, విడిగా రాసుకోవాలి. అలాంటప్పుడు తేదీలు వేసి XIRR వాడాలి.

ఇప్పుడు పుస్తకం రాద్దాం. మొదటి ఏడు 1,05,154 మీద 8 శాతం అంటే 8,412. అదీ ఆదాయం. చేతికి వచ్చింది 10,000. మిగిలిన 1,588 మనం ఎక్కువ కట్టిన డబ్బులోనే కొంత వెనక్కి రావడం, కాబట్టి బాండు విలువలో తగ్గిస్తాం. విలువ 1,03,566 అయింది. రెండో ఏడు దాని మీద 8,285 ఆదాయం, 1,715 తగ్గింపు, విలువ 1,01,851. మూడో ఏడు 8,148 ఆదాయం, 1,852 తగ్గింపు. 99,999 తేలింది కదా, ఆ ఒక్క రూపాయి సవరణల తేడా, ఆఖరి ఏడు వడ్డీలో సర్దేస్తాం. బాండు విలువ సరిగ్గా లక్ష దగ్గర ఆగుతుంది, ఆ రోజే లక్ష చేతికొస్తుంది. లాభం లేదు, నష్టం లేదు. అమార్టైజ్డ్ కాస్ట్ అంటే ఇంతే. మాయ ఎక్కడుందో చూపించండి సార్.

ఇక మెసేజ్ పండితుడి పద్ధతిలో రాద్దాం. మొదటి రెండేళ్లూ పదేసి వేలు ఆదాయం అని రాసి డివిడెండ్ పంచేశారు. నిజంగా సంపాదించింది 16,697, పంచింది 20,000. ఆ 3,303 సభ్యుల అసలు. విత్తనానికి దాచిన బుడ్డలు వేయించుకుని తిని, పంట బాగా వచ్చింది అని చెప్పుకున్నట్టు. మూడో ఏడు చివర 5,154 నష్టం ఒక్కసారిగా బయటపడింది, ఆ ఏడాది ఆదాయం 4,846కు పడిపోయింది. మధ్యలో రిటైరై వాటా తీసుకుని వెళ్లిపోయినవాళ్లు మిగిలినవాళ్ల డబ్బు కూడా కొంత పట్టుకెళ్లారు. మిగిలినవాళ్లు వచ్చి నా లాంటివాణ్ని పట్టుకుని "లెక్క ఎక్కడ తప్పింది" అని అడుగుతారు. ఎక్కడా తప్పలేదు, "చివర్లో ఒకసారి చూసుకోవచ్చు" అన్నారు కదా, ఇదే ఆ చివర. చూసుకో.

ఒక సొసైటీ ఇలా చేసిందో లేదో పట్టుకోవడం కష్టం కాదు. వరసగా రెండేళ్ల బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టండి. ప్రీమియంతో కొన్న బాండు విలువ రెండింట్లోనూ ఒకటే అంకె అయితే, సభ్యుల అసలునే పంచుతున్నారన్నమాట. తక్కువ ధరకు కొన్న బాండు విలువ కదలకపోతే దానికి తిరగబడిన తప్పు: సంపాదించింది చూపించడం లేదు.

నష్టం దాచడం అన్న మాటలో మాత్రం సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. మార్కెట్ ధర పడినా అమార్టైజ్డ్ కాస్ట్ కదలదు. అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు 2022 చివరికి గడువు దాకా ఉంచుకుంటామన్న బాండ్లను సుమారు 91 బిలియన్ డాలర్లుగా చూపించింది. మార్కెట్లో వాటి విలువ 76 బిలియన్లే. డిపాజిటర్లు ఎగబడేసరికి 2023 మార్చిలో కూలిపోయింది. కానీ ఆ 76 కూడా వాళ్ల నివేదిక నోట్స్‌లోనే అచ్చై ఉంది, చదివినవాళ్లు తక్కువ. మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 109 కూడా ఈ పద్ధతిని అడిగినవాళ్లందరికీ ఇవ్వదు. వడ్డీ, అసలు వసూలు చేసుకోవడానికే ఉంచుకున్న బాండు అయి ఉండాలి, దాని నుంచి వచ్చేది కూడా అసలు, దాని మీద వడ్డీ మాత్రమే అయి ఉండాలి. బాండు ఇచ్చిన కంపెనీ బాగానే ఉన్నా, రాకపోవచ్చని అంచనా వేసిన మొత్తాన్ని మొదటి నుంచే నష్టం కింద ప్రొవిజన్‌గా రాయాలి, మునిగేలా ఉంటే దాన్ని పెంచాలి. అవసరమొస్తే రేపే అమ్ముకుంటాం అనేవాళ్లకు ఈ పద్ధతి కాదు.

ఇంకొక చోట మెసేజ్ పంపినాయనే గెలిచాడు, అదే నాకు కడుపుమంట. సొంతంగా బాండు కొన్న మామూలు మనిషికి ఐటీ రిటర్నులో మామూలుగా మొత్తం 10,000 వడ్డీ ఆదాయమే. ఏటా 1,588, 1,715 తగ్గిస్తామంటే కుదరదు. ఆ 5,154 గడువు తీరిన ఏడాది మూలధన నష్టంగా వస్తుంది, దాన్ని వడ్డీలో నుంచి తీసేయడానికి లేదు. కాబట్టి మా బావమరిదికి చెప్పింది ఇదే: మొదటి ఏడు పన్ను 10,000 మీద కట్టు, ఖర్చు మాత్రం 8,412 లోపల పెట్టుకో, ఆ 1,588 మళ్లీ బ్యాంకులో వేసెయ్.