సవరణ: కాటా ముల్లు కదలకపోతే అన్నం తగ్గించమన్నాను, అది తప్పు

"అన్నా, జిమ్‌లో చేరి ఎనిమిది వారాలైంది. 78 కిలోలు కాస్తా 77.5 అయింది, అంతే. మీరు రాసినట్టు అన్నం ఇంకా తగ్గించాలా?" - పర్లాకిమిడి నుంచి ఒక తమ్ముడు

వద్దు తమ్ముడూ. రెండు వారాలు బరువు తగ్గకపోతే తిండి కోయమని రాసింది నేనే. కొత్తగా బరువులెత్తేవాళ్లకు ఆ లెక్క పనికిరాదు. వాళ్లకు కొవ్వు కరుగుతుండగానే కండ పెరుగుతుంది, కండలో నీరు కూడా చేరుతుంది. కాటాకు ఈ తేడా తెలియదు.

నువ్వు పంపిన మిగతా అంకెలు చూడు. బొడ్డు దగ్గర నడుము 94 సెంటీమీటర్ల నుంచి 89కి వచ్చింది. స్క్వాట్ 20 కిలోల నుంచి 45కి పెరిగింది. (మొదట్లో ఈ పెరుగుదలలో చాలాభాగం అలవాటు వల్లే, అంతా కండ కాదు.) నడుము అంత తగ్గిందంటే కొవ్వు పోతున్నట్టే.

టేపు పొద్దున్నే, ఏమీ తినకముందు, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా పెట్టు. నీ బరువుకు రోజుకు 120 గ్రాముల ప్రోటీన్ చాలు. పఖాళతో, అంటే చద్దన్నంతో, వడియాలు నలిపి చేసే బడిచూర ఒక్కటే అయితే అది అందదు, పక్కన గుడ్లో చేపో ఉండాలి.

నాలుగు వారాలు నడుమూ, ఎత్తే బరువూ రెండూ కదలకపోతే, అప్పుడు ఒక గరిటె అన్నం తగ్గించు.