ల్యూటిన్ మాత్రలు ఏ దశలో పనికొస్తాయి, ఏ దశలో పనికిరావు

వయసుతో కంటి రెటీనా మధ్యభాగం దెబ్బతిని చూపు తగ్గే మాక్యులర్ డీజనరేషన్‌కు మందుల షాపులో దొరికే సీసాల మీద ఆకుకూరల్లో ఉండే పసుపు వర్ణకం ల్యూటిన్ పేరే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. కానీ ఆధారం బలంగా ఉన్నది ల్యూటిన్ ఒక్కదానికి కాదు, ఒక మొత్తం మిశ్రమానికి. అదీ వ్యాధిలో ఒక దశకే.

అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ 2001లో వెలువరించిన ఏరెడ్స్ అధ్యయనంలో విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింక్, కాపర్ కలిపి ఇచ్చారు. రెటీనా కింద డ్రూసెన్ అనే పెద్ద మచ్చలున్న మధ్య దశవారిలోనూ, ఒక కన్ను ఇప్పటికే ముదిరినవారిలోనూ అయిదేళ్లలో వ్యాధి ముదరడం నూటికి 28 నుంచి 20కి తగ్గింది. అంటే నూరుమందిలో ఎనిమిదిమందికి మేలు జరిగింది, మాత్ర వేసుకున్నా ఇరవైమందికి ముదిరింది. పోయిన చూపు తిరిగి రాలేదు. తొలి దశవారికి లాభం కనిపించలేదు. ఇంట్లో పెద్దలకు ఈ వ్యాధి ఉందని, తమ కళ్లు బాగున్నా ముందుజాగ్రత్తగా ఇవి మింగేవారికి ఈ ఫలితం వర్తించదు.

బీటా కెరోటిన్ పొగతాగేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. అందుకే 2013 నాటి ఏరెడ్స్-2లో దాని స్థానంలో ల్యూటిన్ 10 మి.గ్రా., అదే జాతి వర్ణకమైన జియాజాంథిన్ 2 మి.గ్రా. పరీక్షించారు. పాత మిశ్రమానికి వీటిని అదనంగా చేర్చితే మొత్తం మీద స్పష్టమైన లాభం రాలేదు. కానీ బీటా కెరోటిన్‌కు బదులుగా మాత్రం ఇవి సురక్షితమైనవి, పదేళ్ల ఫలితాల్లో దానికంటే మెరుగైనవి కూడా. ల్యూటిన్‌కు దక్కిన అసలు స్థానం ఇదే.

అదే అధ్యయనంలో చేప నూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వులు డీహెచ్ఏ 350 మి.గ్రా., ఈపీఏ 650 మి.గ్రా. రోజూ ఇచ్చినా వ్యాధి ముదరడం ఆగలేదు. చేపలు బాగా తినేవారిలో వ్యాధి తక్కువని పరిశీలనల్లో కనిపించిన మాట నిజమే. ఆ మేలు నూనె గుళికలో దొరకలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. అరవై ఎనిమిదేళ్ల వ్యక్తి, పొగతాగడం మానేసి పదేళ్లయింది. ఒక కంట్లో వ్యాధి ముదిరి ఇంజెక్షన్లు పడుతున్నాయి, రెండో కంట్లో పెద్ద డ్రూసెన్ ఉన్నాయి. ఏరెడ్స్‌లో మేలు పొందిన వర్గం సరిగ్గా ఇదే. అతని చేతిలోని సీసాలో ల్యూటిన్ 20 మి.గ్రా., చేప నూనె మాత్రమే ఉంటే, పరీక్షకు నిలిచిన మందు అతనికి అందనట్టే. రోజు మొత్తానికి విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఇ 400 ఐయూ, జింక్ 80 మి.గ్రా., కాపర్ 2 మి.గ్రా., వాటితో పైన చెప్పిన ల్యూటిన్, జియాజాంథిన్ ఉండాలి. జింక్ 25 మి.గ్రా.కు తగ్గించినప్పుడూ పెద్ద తేడా కనబడలేదు గానీ, దాన్ని తేల్చి చెప్పేంత ఆధారం లేదు. జింక్ ఎక్కువైతే ఒంట్లో కాపర్ తగ్గి రక్తహీనత రావచ్చు, కాపర్ చేర్చింది అందుకే. ఈ మోతాదు జింక్‌తో మూత్ర సంబంధ సమస్యలూ కొంత పెరిగాయి.

సీసా వెనుక ఉన్న అంకెలు ఒక గుళికకా, రెండింటికా అన్నది తప్పక చూడాలి. రెండింటికి రాసిన మోతాదును ఒక్కటే వేసుకుంటే అందేది సగమే. బీటా కెరోటిన్ ఉన్న సీసాను ఈయన ముట్టుకోకూడదు, ఏరెడ్స్-2లో క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది పొగ మానేసినవారిలోనే. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే విటమిన్ ఇ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

మాత్ర మొదలుపెట్టాక కూడా ఒక్కో కన్ను మూసి గళ్ల కాగితం చూసుకోవాలి. గీతలు కొత్తగా వంకరపోయినా, మధ్యలో మసక వచ్చినా అది రక్తనాళాలు కారుతున్న లక్షణం కావచ్చు. మాత్రలు పనిచేసేదాకా ఎదురుచూడకుండా రోజుల్లోనే రెటీనా డాక్టరును కలవాలి.